ఆమ్లాలు, క్షారాలు, pH: పదో తరగతి అభ్యాస పత్రం

సమయం: 45 నిమిషాలు. మార్కులు: 25. లెక్కలన్నీ 25 °C దగ్గర చేయండి. log 2 = 0.30, log 5 = 0.70 అని తీసుకోండి. కాలిక్యులేటర్ అవసరం రాదు.

ముందుగా కింది పట్టికను నిదానంగా చూడండి. సూచిక రంగు ఒక్క బిందువు దగ్గర టక్కున మారిపోదు, మారడానికి కొంత మేర పడుతుంది. ఈ పత్రంలో పోయే మార్కుల్లో సగం ఆ మేరను మరిచినందుకే పోతాయి.

పట్టిక 1: సూచికల రంగులు

| సూచిక | తక్కువ pH లో | మారే మేర | మధ్యలో | ఎక్కువ pH లో |
|---|---|---|---|---|
| మిథైల్ ఆరెంజ్ | ఎరుపు | 3.1 – 4.4 | నారింజ | పసుపు |
| మిథైల్ రెడ్ | ఎరుపు | 4.4 – 6.2 | నారింజ | పసుపు |
| బ్రోమోథైమాల్ బ్లూ | పసుపు | 6.0 – 7.6 | ఆకుపచ్చ | నీలం |
| ఫినాఫ్తలీన్ | రంగు ఉండదు | 8.2 – 10.0 | లేత గులాబీ | ముదురు గులాబీ |

1. ఒక ద్రావణంలో ఫినాఫ్తలీన్ వేస్తే రంగు రాలేదు. "అయితే ఇది ఆమ్లమే" అని ఒక విద్యార్థి రాశాడు. అతను ఎక్కడ తప్పాడు? పట్టికలోని అంకెలు చూపిస్తూ రెండు వాక్యాల్లో రాయండి. (3 మార్కులు)

2. అయిదు సీసాల మీది చీటీలు ఊడిపోయాయి. వాటిలో ఉన్నవి 0.1 M గాఢత గల HCl, NaOH, NaCl, NH₄Cl, CH₃COONa ద్రావణాలు. ఏది ఎందులో ఉందో తెలియదు. ఒక్కో సీసా నుంచి కొద్దికొద్దిగా నాలుగు పరీక్షనాళికల్లోకి తీసి, ఒక్కోదానిలో ఒక్కో సూచిక వేస్తే ఇలా కనిపించింది.

పట్టిక 2: పరిశీలనలు

| సీసా | మిథైల్ ఆరెంజ్ | మిథైల్ రెడ్ | బ్రోమోథైమాల్ బ్లూ | ఫినాఫ్తలీన్ |
|---|---|---|---|---|
| క | పసుపు | నారింజ | పసుపు | రంగు లేదు |
| చ | పసుపు | పసుపు | నీలం | ముదురు గులాబీ |
| ట | ఎరుపు | ఎరుపు | పసుపు | రంగు లేదు |
| త | పసుపు | పసుపు | ఆకుపచ్చ | రంగు లేదు |
| ప | పసుపు | పసుపు | నీలం | లేత గులాబీ |

(అ) ప్రతి సీసాకూ pH ఎంత నుంచి ఎంత మధ్య ఉంటుందో రాయండి. (5)
(ఆ) ఏ సీసాలో ఏ ద్రావణం ఉంది? (2)
(ఇ) చీటీల సంగతి మీకు తెలియదనుకోండి. రంగులు మాత్రమే చూసి 'త' కచ్చితంగా తటస్థమని చెప్పగలరా? (2)

3. (అ) 0.01 M HCl ద్రావణం pH ఎంత? అందులో 10 మి.లీ. తీసి, నీటితో మొత్తం 1000 మి.లీ. చేస్తే pH ఎంతవుతుంది? (2)
(ఆ) pH 2 ఉన్న HCl, pH 4 ఉన్న HCl సమాన ఘనపరిమాణాల్లో కలిపారు. pH 3 వస్తుందనడం చూడ్డానికి బాగానే ఉంది, కానీ తప్పు. సరైన విలువ కట్టండి. (3)
(ఇ) HCl ని నీటితో 10⁻⁸ M వరకు విలీనం చేస్తే pH 8 ఎందుకు రాదు? (2)

4. శాంకవ కుప్పెలో 0.1 M NaOH 20.0 మి.లీ., రెండు చుక్కల ఫినాఫ్తలీన్ ఉన్నాయి. బ్యూరెట్ నుంచి HCl వదిలారు. మూడుసార్లు ఖర్చయిన ఆమ్లం: 25.7, 25.0, 25.0 మి.లీ. ఏ విలువ వాడాలో, ఎందుకో చెప్పి HCl గాఢత కనుక్కోండి. (3)

5. ఎర్ర లిట్మస్ కాగితం ఒక ద్రావణంలో మొదట నీలమై, కాసేపటికి తెల్లబడింది. ఆ ద్రావణం సోడియం హైపోక్లోరైట్. రెండు మార్పులకూ వేర్వేరు కారణాలు రాయండి. (3)

---

జవాబులు (దిద్దేవారికి)

1. 8.2 కన్నా తక్కువ pH ఉన్న ఏ ద్రావణంలోనైనా ఫినాఫ్తలీన్‌కు రంగు రాదు. pH 7 ఉన్న తటస్థ ద్రావణం, pH 8 ఉన్న బలహీన క్షార ద్రావణం కూడా అందులోకే వస్తాయి.

2. (అ) క: 4.4 – 6.0. మిథైల్ రెడ్ 6.2 దాకా ఒప్పుకున్నా, పసుపు రంగులో ఉన్న బ్రోమోథైమాల్ బ్లూ 6.0 దగ్గరే ఆపేస్తుంది. చ: 10 పైన. ట: 3.1 కింద. త: 6.2 – 7.6. ప: 8.2 – 10.0.
(ఆ) క NH₄Cl, చ NaOH, ట HCl, త NaCl, ప CH₃COONa. క, ప రెండూ లవణాలే అయినా తటస్థం కావు: అమ్మోనియం అయాన్ నీటికి H⁺ ఇస్తుంది, ఎసిటేట్ అయాన్ నీటి నుంచి H⁺ లాక్కుంటుంది. కారణం రాయకున్నా మార్కులు ఇవ్వండి.
(ఇ) చెప్పలేం. 6.5 ఉన్నా, 7.4 ఉన్నా ఇవే రంగులు వస్తాయి.

3. (అ) 2, తర్వాత 4.
(ఆ) [H⁺] = (0.01 + 0.0001) ÷ 2 = 0.00505, అంటే సుమారు 5 × 10⁻³. pH = 3 − 0.70 = 2.3. సగటు కట్టాల్సింది గాఢతలకు, pH అంకెలకు కాదు.
(ఇ) శుద్ధమైన నీటిలోనే H⁺ గాఢత 10⁻⁷ M ఉంటుంది. అంత పల్చటి ఆమ్లంలో నీటి వాటాను వదిలేయలేం. pH 7 కన్నా కాస్త తక్కువ, దాదాపు 6.98. "ఆమ్లాన్ని నీటితో పల్చన చేస్తే క్షారం కాదు" అని రాసినా ఒక మార్కు ఇవ్వండి.

4. 25.0 మి.లీ. మొదటిది అంచనా కోసం త్వరగా వదిలినది, మిగతా రెండూ కలిశాయి. 0.1 × 20.0 ÷ 25.0 = 0.08 M. మూడింటి సగటు వాడితే ఒక మార్కు తగ్గించండి.

5. ద్రావణం క్షార స్వభావం గలది కాబట్టి లిట్మస్ నీలమైంది. తెల్లబడటం ఆమ్ల, క్షారాలకు సంబంధించినది కాదు: హైపోక్లోరైట్ రంగు పదార్థాన్ని ఆక్సీకరించి విరంజనం చేసింది.