బిల్లు నం. 148 గడువు తప్పినందుకు క్షమాపణ: ఈ రోజు పంపిన ₹2,00,000 వివరాలు, మిగతా సొమ్ము 19వ తేదీన

చిక్‌పేట, బెంగళూరు
16 సెప్టెంబర్ 2025, మంగళవారం

సాంబశివరావు గారికి,
మంగళగిరి

నమస్కారమండీ.

మీ 11 ఆగస్టు 2025 నాటి బిల్లు నం. 148 డబ్బు సెప్టెంబర్ 10, బుధవారం నాటికి మీ ఖాతాలో పడాలి. పడలేదు. నిన్న సాయంత్రం మీ గుమస్తా గారు ఫోన్ చేసి అడిగేదాకా గడువు దాటిపోయిందన్న సంగతే మాకు తెలియదు. గడువుకు ముందు మేమే గమనించి పంపాల్సిన డబ్బు కోసం మీ చేత అడిగించుకున్నాం. మనస్ఫూర్తిగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఈ ఉదయం మీకు ₹2,00,000 ఆర్‌టీజీఎస్‌లో పంపాను. మిగిలింది ఈ నెల 19, శుక్రవారం ఉదయం పంపుతున్నాను. ముందు ఈ రోజు పంపిన దాని వివరాలు, మీ బ్యాంకులో చూపించడానికి వీలుగా:

విధానం: ఆర్‌టీజీఎస్
మొత్తం: ₹2,00,000 (రెండు లక్షల రూపాయలు)
పంపిన సమయం: 16-09-2025, ఉదయం 11.20
యూటీఆర్ నంబరు: CNRBR52025091600418273
చేరవలసిన ఖాతా: మీ కరెంట్ ఖాతా, చివరి నాలుగు అంకెలు 4471
దేనికి: బిల్లు నం. 148లో కొంత భాగం

యూటీఆర్‌లో మొత్తం 22 అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. ఫోన్‌లో చదివి చెప్పేటప్పుడు సున్నాలు తప్పిపోతుంటాయి కాబట్టి ఇదే నంబరును మీ గుమస్తా గారికి వాట్సాప్‌లో కూడా విడిగా పంపాను. దాన్ని అలాగే కాపీ చేసుకుంటే సరిపోతుంది. ఆర్‌టీజీఎస్ డబ్బు మీ బ్యాంకుకు చేరిన అరగంటలో ఖాతాలో జమ కావాలి. మా నెట్ బ్యాంకింగ్‌లో చెల్లింపు పూర్తయినట్టే చూపిస్తోంది. అయినా సరే, ఈ ఉత్తరం అందేసరికి మీ పాసుబుక్కులో గానీ మెసేజ్‌లో గానీ జమ కనిపించకపోతే నాకు వెంటనే ఒక్క ఫోన్ చేయండి. యూటీఆర్ పట్టుకుని మా బ్రాంచిలో నేనే కనుక్కుంటాను, మీరు బ్యాంకు చుట్టూ తిరగాల్సిన పని లేదు.

గడువు ఎందుకు తప్పిందో కూడా దాచకుండా చెప్పాలి. కిందటేడు వరకు మీతో మా లెక్క 45 రోజులు. ఈ ఏప్రిల్ నుంచి బిల్లు తేదీ నుంచి 30 రోజులని మీరు చెప్పారు, నేను ఒప్పుకున్నాను, మీ బిల్లు మీద కూడా అదే రాసి ఉంది. కానీ మా ట్యాలీలో మీ ఖాతాకు ఉన్న డిఫాల్ట్ క్రెడిట్ పీరియడ్ మాత్రం 45 రోజులుగానే ఉండిపోయింది. దాంతో ఈ బిల్లు చెల్లించాల్సిన తేదీ సెప్టెంబర్ 25గా పడింది. మా దగ్గర ప్రతి సోమవారం ఆ వారం కట్టాల్సిన బిల్లుల జాబితా తీస్తారు. 8వ తేదీ జాబితాలో మీ పేరు రాలేదు, 15వ తేదీ జాబితాలోనూ రాలేదు. ఏప్రిల్ తర్వాత మీ దగ్గర తీసుకున్న చిన్న సరుకులకు అప్పటికప్పుడే డబ్బు కట్టేశాం కాబట్టి ఈ పొరపాటు ఇన్నాళ్లూ బయటపడలేదు. గడువు మారిందన్న మాట లెక్కలు చూసే అబ్బాయికి చెప్పాల్సింది నేను. చెప్పలేదు. అతని తప్పేమీ లేదు.

నిన్న రాత్రే మీ ఖాతాలో 30 రోజులుగా మార్చాం. అది మార్చినంత మాత్రాన అంతకుముందు ఎక్కించిన బిల్లుల తేదీలు మారవు, కొత్తగా రాసే వాటికే వర్తిస్తుంది. అందుకని బిల్లు 148ని తెరిచి అందులో తేదీని విడిగా సరిచేశాం. మాకు సరుకిచ్చే మిగతా నేత వాళ్ల ఖాతాలు కూడా ఒక్కొక్కటే తీసి, వాళ్ల బిల్లు మీదున్న గడువుతో సరిచూస్తున్నాం. ఇక మీదట మీ బిల్లు రాగానే దాని మీదున్న గడువు తేదీనే ఎక్కిస్తాం, లెక్క కట్టే పని ట్యాలీకి వదిలిపెట్టం.

ఇప్పుడు మిగతా సొమ్ము సంగతి. 180 చీరలు, ఒక్కొక్కటి ₹1,850 చొప్పున ₹3,33,000. ఐదు శాతం ఐజీఎస్‌టీ ₹16,650. మొత్తం ₹3,49,650. ఈ రోజు పంపింది పోగా బాకీ ₹1,49,650.

మొత్తం ఈ రోజే ఎందుకు పంపలేదని మీకు అనిపిస్తుంది, అడగాల్సిన మాటే అది. మీ బిల్లు 25న కట్టాలనుకుని ఆ ప్రకారం డబ్బు సర్దుకుంటూ వచ్చాం. ఈ నెల 20లోపు కట్టాల్సిన జీఎస్‌టీని పక్కన పెడితే కరెంట్ ఖాతాలో ఉన్నదంతా ఈ రోజు మీకే పంపాను. మిగతాది పండగ అమ్మకాల మీద ఆశ పెట్టుకుని చెబుతున్న మాట కాదు. నా పేరున ఉన్న రెండు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు 18వ తేదీ గురువారంతో తీరుతోంది. దాన్ని తిరిగి డిపాజిట్ చేయకుండా ఆ రోజే కరెంట్ ఖాతాలో జమ చేయమని బ్యాంకులో రాసిచ్చాను. ఆ డబ్బులోంచే 19న మీకు చేరుతుంది.

ఆలస్యానికి వడ్డీ కూడా కలిపి పంపుతున్నాను. మీది ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ పరిశ్రమ. ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006 ప్రకారం ఒప్పుకున్న గడువు దాటిన మర్నాటి నుంచి రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ ఇవ్వాలి. ప్రస్తుతం బ్యాంక్ రేటు 5.75 శాతం, అంటే వడ్డీ 17.25 శాతం. ఈ రోజు పంపిన రెండు లక్షల మీద 11 నుంచి 16 వరకు ఆరు రోజులకు ₹567.12 అవుతుంది. మిగిలిన ₹1,49,650 మీద 11 నుంచి 19 వరకు తొమ్మిది రోజులకు ₹636.53. రెండూ కలిపితే ₹1,203.65, దాన్ని ₹1,204 చేశాను. చట్టం ప్రకారం నెల నెలా చక్రవడ్డీ, కానీ ఇక్కడ నెల నిండలేదు కాబట్టి ఆ లెక్క రాదు. ఆలస్యపు వడ్డీ మీద కూడా సరుకుతో పాటే జీఎస్‌టీ పడుతుంది. అందుకని దాని మీద ఐదు శాతం, ₹60 కలిపాను. మీరు ₹1,264కి ఒక డెబిట్ నోట్ రాసి పంపితే రెండు వైపులా లెక్క సరిపోతుంది. వడ్డీ వద్దని మీరు అంటారని తెలుసు. దయచేసి కాదనకండి. ఈ వారం రోజులూ నూలు కొట్టు వాళ్లకి, మగ్గాల మీద ఉన్న వాళ్లకి మీరు మీ చేతి నుంచి సర్దే ఉంటారు.

కాబట్టి 19న మీకు రావలసింది ₹1,49,650, ₹1,264 కలిపి ₹1,50,914. ఇది రెండు లక్షల లోపు కాబట్టి ఆర్‌టీజీఎస్‌లో వెళ్లదు, నెఫ్ట్‌లో పంపుతాను. ఉదయం 10 గంటలకు వెళ్లేలా నెట్ బ్యాంకింగ్‌లో ఇప్పటికే పెట్టేశాను. నెఫ్ట్ అరగంటకొక విడతగా నడుస్తుంది, విడత ముగిశాక రెండు గంటల్లో జమ కావాలి. మధ్యాహ్నం ఒంటి గంటలోపు మీ ఖాతాలో ఉంటుంది. ఆ యూటీఆర్ కూడా వెంటనే వాట్సాప్‌లో పెడతాను. శనివారం కూలి పంచే వేళకు డబ్బు మీ చేతిలో ఉండాలనే శుక్రవారం ఉదయాన్ని ఎంచుకున్నాను.

నా మాట ఒక్కదాని మీదే మీరు ఆధారపడకుండా, అదే మొత్తానికి 20 సెప్టెంబర్ తేదీ వేసిన ఏ/సీ పేయీ చెక్కును ఈ రోజు కొరియర్‌లో పంపాను. 18కల్లా మీకు అందాలి. యాభై వేలు దాటిన చెక్కు కాబట్టి పాజిటివ్ పేలో వివరాలు నమోదు చేయించాను, క్లియరింగ్‌లో ఆ కారణంగా ఆగదు. ఒక్కటే మనవి. శుక్రవారం నెఫ్ట్ పడితే చెక్కును బ్యాంకులో వేయకండి. దాని మీద అడ్డంగా గీత గీసి, రద్దు అని రాసి, ఫోటో పంపించండి చాలు. నెఫ్ట్ పడకపోతే నన్ను అడగకుండానే శనివారం వేసేయండి. అది మూడో శనివారం, బ్యాంకులు పనిచేస్తాయి.

సరుకు గురించి ఒక మాట. 180 చీరలూ లెక్క సరిగ్గా ముట్టాయి. నిజాం అంచు పోగు ఎక్కడా జారలేదు, నేత మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ముదురు ఆకుపచ్చ చీరల్లో రెండింటికి మాత్రం పల్లూ మడత దగ్గర పక్క చీర మెరూన్ రంగు కొంచెం అంటింది. దారిలో పార్సిల్ తడిసినట్టుంది, ఆ మడత మధ్యలో పెట్టిన కాగితం కూడా ముడతలు పడి గట్టిబడింది. వాటి ఫోటోలు తీసి పెట్టాను, కానీ ఈ చెల్లింపులో వాటికోసం ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు. మా ఆలస్యం ఒక సంగతి, ఆ మరక వేరే సంగతి. డబ్బు పూర్తిగా ముట్టాక, మీకు తీరికున్నప్పుడు మాట్లాడుకుందాం.

దసరా కోసం చెప్పిన 120 చీరలు మగ్గం దిగి సిద్ధంగా ఉన్నాయని గుమస్తా గారు అన్నారు. 148 బాకీ తీరేదాకా వాటిని లారీకి ఎక్కించమని నేను అడగను. ఈలోగా హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎవరైనా చేతి డబ్బు ఇచ్చి తీసుకుంటామంటే మీరు నిస్సంకోచంగా ఇచ్చేయండి, నేను ఏమీ అనుకోను. ఉంచగలిగితే మాత్రం ఈ ఒక్క విడతకు అప్పు వద్దు. మీరు ఎల్‌ఆర్ కాపీ పంపిన రోజే బిల్లు మొత్తం ₹2,33,100 ఆర్‌టీజీఎస్ చేస్తాను. ఆ తర్వాత బిల్లులకు మళ్లీ 30 రోజులు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఈ రోజు పంపిన ₹2,00,000 జమ అయిందో లేదో గుమస్తా గారి చేత ఒక్క మెసేజ్ పెట్టించండి. బిల్లు 148కి కాకుండా పొరపాటున వేరే ఖాతాలో రాసుకుని ఉంటే అది కూడా చెప్పండి. రేపు, ఎల్లుండి ఉదయం 9 నుంచి రాత్రి 8 వరకు కొట్లోనే ఉంటాను, ఫోన్ నేనే ఎత్తుతాను.

మరోసారి క్షమించమని కోరుతూ,

అరుణ
చీరల కొట్టు, చిక్‌పేట, బెంగళూరు

జతపరిచినవి: ఆర్‌టీజీఎస్ రసీదు, బిల్లు 148 నకలు, వడ్డీ లెక్క కాగితం, చెక్కు పంపిన కొరియర్ రసీదు