చందూ, నిన్న ఆ వర్క్ ఫ్రమ్ హోమ్ లైన్ గురించి

బావా లేచావా? వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నా గానీ నా గొంతుకి అది క్లాస్ పీకినట్టే వినపడుద్ది, అందుకే టైప్ చేస్తున్నా. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదువు. గ్రూప్‌లో పెట్టట్లేదు, సతీష్‌గాడికి కూడా చెప్పలేదు, ఇది నీకూ నాకూ మధ్యే.

అసలు నిన్న నువ్వు మైక్ పట్టుకోకపోతే ఆ ఫంక్షన్ అయిపోయేది. కేక్ రాలేదు, పిల్లాడు ఒకటే ఏడుపు, యాంకరమ్మాయేమో "అందరూ గట్టిగా చప్పట్లు" తప్ప ఇంకో ముక్క మాట్లాడదు. నువ్వెక్కి శీనుగాడి ఎం-త్రీ సప్లీల కథ ఎత్తుకోగానే హాలంతా లేచి కూర్చుంది. పెళ్ళిచూపుల్లో ఉప్మా రెండోసారి అడిగి పెట్టించుకున్నాడని చెప్పినప్పుడైతే వాడే కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు, వాళ్ళత్తగారు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అక్కడిదాకా సూపర్.

తర్వాత అన్నావ్ చూడు, "మావాడు వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తాడండీ, వర్క్ మా చెల్లెమ్మది, హోమ్ మావగారిది" అని. అది ఎక్కువైంది రా.

లైన్ బాలేదని కాదు, బాగుంది, అదే వచ్చిన తిప్పలు. మనం నలుగురం మేడ మీద కూర్చున్నప్పుడు, వాడికి ఉద్యోగం ఉన్న రోజుల్లో అనుంటే ఫస్ట్ నేనే నవ్వేవాణ్ణి. కానీ లేఆఫ్ సంగతి చెల్లెమ్మకి తప్ప ఆ ఇంట్లో ఎవరికీ తెలీదని టీ కొట్టు దగ్గర మనిద్దరికీ చెప్పాడు కదా, రోజూ బ్యాగేసుకుని ఆఫీసుకని చెప్పి అమీర్‌పేట వెళ్ళి కోర్సు నేర్చుకుంటున్నాడు కదా వాడు. నువ్వు కావాలని అనలేదు, ఫ్లోలో నోట్లోంచి వచ్చేసింది, నాకు తెలుసు. పైగా నువ్వు టేబుళ్ళ వైపు తిరిగున్నావ్, అక్కడ అందరూ నవ్వుతున్నారు, నీకు కనపడే ఛాన్సే లేదు. నేను స్టేజీ పక్కనే ఉన్నా. వాడు కూడా నవ్వాడు, నవ్వుతూనే పిల్లాణ్ణి చెల్లెమ్మ చేతిలో పెట్టేసి "కేటరింగోళ్ళని చూసొస్తా" అని దిగిపోయాడు. భోజనాలప్పుడు మన బంతిలో కూర్చోలేదు గమనించావా? ఇంకోటి, వాళ్ళ మావగారు పక్కనాయన్ని "అంటే ఏంటండీ, అల్లుడు ఉద్యోగం మానేశాడా" అని అడగడం నా చెవులతో విన్నా. ఆయన నవ్వుతూ అడగలేదు.

"మనలో మనకి ఏంట్రా" అంటావని తెలుసు. నిన్న అక్కడ మనమే లేం కదా బావా, వాడికి పిల్లనిచ్చినోళ్ళు ఉన్నారు. ఎం-త్రీ ఎప్పుడో పాసైపోయాడు కాబట్టి ఎన్నిసార్లు అన్నా నవ్వుతాడు, ఉద్యోగం అలా కాదు, రాత్రి నిద్రపట్టక జాబ్ పోర్టల్ రిఫ్రెష్ కొట్టుకుంటున్నాడు. 2022 ఆస్కార్స్‌లో క్రిస్ రాక్ వచ్చి విల్ స్మిత్ భార్య గుండు మీద జోకేసి చెంపదెబ్బ తిన్నప్పుడు మన గ్రూప్‌లో రాత్రంతా వాదించుకున్నాం గుర్తుందా, కొట్టడం తప్పే గానీ ఆవిడకి జుట్టూడే జబ్బుంటే దాని మీద జోకేంట్రా అన్నది నువ్వే.

ఇప్పుడు పెద్దగా ఏం చెయ్యక్కర్లేదు. వాడికి ఒక్క ఫోన్ కొట్టు. "ఫీలయ్యావా" అని మాత్రం అడగకు, అడిగితే "ఛఛ లేదురా" అంటాడు, అంతటితో ఇద్దరూ ఫోన్ పెట్టేస్తారు. "ఆ మాట అనకుండా ఉండాల్సింది రా, సారీ" అని సీదాగా చెప్పేసి ఆపెయ్, వెనకాల ఇంకో జోక్ తగిలించకు (నీ గురించి నాకు తెలుసు). నేను చెప్పానని కూడా చెప్పకు, వాణ్ణి వెనకేసుకొచ్చానని తెలిస్తే వాడికి ఇంకా నామోషీ. మావగారి దగ్గరికెళ్ళి నువ్వేదో కవర్ చేద్దామని మాత్రం చూడకు, ఆయనకి ఏం చెప్పుకోవాలో వాళ్ళు మొగుడూ పెళ్ళాం చూసుకుంటారు.

వచ్చే నెల సతీష్‌గాడి సంగీత్‌కి మైక్ నీదే, అందులో డౌట్ లేదు, నువ్వు కాకపోతే ఇంకెవడు చేస్తాడు. ముందురోజు మాత్రం వాణ్ణి పక్కకి పిలిచి ఏది ఎత్తొద్దో అడిగేయ్, సర్‌ప్రైజ్ పోతే పోనీ.

నా మీద కోపమొస్తే తిట్టు, కానీ ఫోన్ చేసి తిట్టు, ఇక్కడ టైప్ చేస్తే ఇద్దరం వేరే వేరే టోన్‌లో చదువుకుంటాం. ఏడు తర్వాత ఖాళీయే నేను. నేనన్నదాంట్లో నీకు తప్పనిపించింది ఉన్నా చెప్పు, వింటా.

ఒక్కటి మాత్రం ఇప్పుడే చెయ్ ప్లీజ్, నీ స్టేటస్‌లో ఆ క్లిప్ ఇంకా ఉంది. శీనుగాడి బావమరిది నంబర్ నీ దగ్గర సేవ్ అయ్యుంది, వాడు నిన్న కోచింగ్ ఎగ్జామ్ వల్ల రాలేదు, ఇంకా చూసుండడు. తీసెయ్.