నెట్‌వర్క్ నిర్వహణ పనులు: శనివారం రాత్రి నుంచి ఆదివారం ఉదయం వరకు సేవల నిలిపివేత

తేదీ: ఈ నెల 9, సోమవారం
అందుకోవలసినవారు: అన్ని విభాగాల సిబ్బంది, రాత్రి షిఫ్టు ఉద్యోగులు, ఇంటి నుంచి పనిచేస్తున్నవారు
విషయం: 14వ తేదీ శనివారం రాత్రి 9 గంటల నుంచి 15వ తేదీ ఆదివారం ఉదయం 7 గంటల వరకు కార్యాలయ నెట్‌వర్క్ నిలిపివేత

మన భవనంలోని కంప్యూటర్లు, ఫోన్లు, ప్రింటర్లు అన్నింటినీ కలిపే రెండు ప్రధాన స్విచ్‌లను మార్చి, ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు తీసుకురావడానికి, పైన తెలిపిన పది గంటలపాటు నెట్‌వర్క్‌ను పూర్తిగా నిలిపివేస్తున్నామని తెలియజేస్తున్నాము. ప్రస్తుత స్విచ్‌లకు తయారీదారు ఇచ్చే మద్దతు త్వరలో ముగుస్తుంది. ఆ తరువాత వాటిలో ఏ భద్రతా లోపం బయటపడినా సవరణలు అందవు కనుక ఈ పనిని ఇంకా వాయిదా వేయడం క్షేమం కాదు. ప్రతి అంతస్తు నుంచి వచ్చే కేబుళ్లు చివరికి ఈ రెండు స్విచ్‌లకే చేరుతున్నందున, పాత స్విచ్ ఒకటి, కొత్త స్విచ్ ఒకటి జతగా పనిచేయలేనందున, అంతస్తుల వారీగా పని చేసే వీలు లేకపోయింది.

ఆ సమయంలో కేబుల్ కనెక్షన్‌తోపాటు వై-ఫై కూడా, అతిథులకు ఇచ్చేది సహా, పనిచేయదు. ఫైల్ సర్వర్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, సెలవుల పోర్టల్, ప్రింటర్లు, స్కానర్లు అందుబాటులో ఉండవు. ఇంటి నుంచి పనిచేసేవారికి వీపీఎన్ కలవదు. కార్యాలయ ఈమెయిల్ బయటి సర్వర్లపై నడుస్తుంది కాబట్టి మొబైల్ డేటా ద్వారా యథావిధిగా చూసుకోవచ్చు.

డెస్క్ ఫోన్ల విషయంలో ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటి ఉంది. వాటికి విద్యుత్తు కూడా నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే అందుతుంది కనుక అవి తెర కూడా వెలగకుండా పూర్తిగా ఆగిపోతాయి. రాత్రి షిఫ్టులో ఉండేవారు తమ మొబైల్ ఫోన్లను ముందుగానే ఛార్జ్ చేసుకుని దగ్గర ఉంచుకోవాలి. అత్యవసర పరిస్థితిలో డెస్క్ ఫోన్ కోసం వెతుకుతూ క్షణం కూడా వృథా చేయకూడదు. అగ్నిప్రమాద హెచ్చరిక వ్యవస్థకు వేరే వైరింగ్ ఉన్నందున దానికి ఏ అంతరాయమూ ఉండదు. వినియోగదారుల సేవా విభాగానికి వచ్చే కాల్స్‌ను రాత్రి 8:45 నుంచి ఆ విభాగపు మొబైల్ నంబర్లకు మళ్లించే ఏర్పాటు చేశాము.

తలుపుల వద్ద ఉన్న కార్డు యంత్రాలు కార్డుల జాబితాను తమలోనే భద్రపరుచుకుంటాయి కనుక మీ కార్డులు పనిచేస్తాయి. అయితే కొత్త కార్డు జారీ చేయడం గానీ, పోయిన కార్డును రద్దు చేయడం గానీ ఆ సమయంలో సాధ్యపడదు. ఎవరి కార్డు అయినా కనిపించకుండా పోయి ఉంటే శనివారం సాయంత్రం 4 గంటలలోగా తప్పక తెలియజేయండి. హాజరు యంత్రం వేలిముద్రలను నమోదు చేసుకుని నెట్‌వర్క్ వచ్చాక సర్వర్‌కు పంపుతుంది కనుక, సోమవారం మధ్యాహ్నం వరకు పోర్టల్‌లో మీ హాజరు కనిపించకపోయినా సవరణ కోసం దరఖాస్తు పెట్టనవసరం లేదు. భద్రతా కెమెరాలు కూడా నిలిచిపోతాయి కాబట్టి, రాత్రి 9 తరువాత విభాగాధిపతి లిఖితపూర్వక అనుమతి లేని సందర్శకులను లోపలికి రానివ్వరు.

మీ అందరి నుంచి మేము కోరుతున్న ముఖ్యమైన సహకారం ఇది: శనివారం రాత్రి 8:30లోగా, లేదా అంతకుముందే ఇంటికి వెళ్తున్నట్లయితే కుర్చీలోంచి లేచే ముందే, సర్వర్‌పై తెరిచి ఉన్న ప్రతి ఫైల్‌ను సేవ్ చేసి, మూసివేసి, కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేయండి. తెరను మాత్రమే ఆపితే, లేదా కంప్యూటర్‌ను లాక్ చేసి వెళ్లిపోతే, ఫైల్ తెరిచే ఉంటుంది. సర్వర్‌తో సంబంధం తెగినప్పుడు అందులో సేవ్ కాని మార్పులు పోవచ్చు. పలువురు ఒకేసారి వాడే డేటాబేస్ ఫైళ్లు అయితే మొత్తంగా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. శుక్రవారం రాత్రి పూర్తి బ్యాకప్ తీసుకుంటున్నాము గానీ, శనివారం మీరు చేసిన పని అందులో ఉండదు. ఒక రోజంతా పడిన శ్రమ ఒక ఫైల్ మూయకపోవడం వల్ల పోవడం మాకు ఏమాత్రం ఇష్టం లేదు. అందుకే ఈ మాటను ఇంత గట్టిగా చెబుతున్నాము.

ఆదివారం పనికి ఏదైనా ఫైల్ అవసరమైనవారు ముందుగానే దాని ప్రతిని ల్యాప్‌టాప్‌లోకి తీసుకోవాలి. అదే ఫైల్‌ను మరొకరు కూడా ప్రతి తీసుకుని మార్చుతున్నారేమో సహోద్యోగులను అడిగి, ఎవరు మార్చాలో ముందే నిర్ణయించుకోండి. తిరిగి సర్వర్‌లో పెట్టేటప్పుడు పాత ఫైల్‌పైనే అతికించకుండా, పేరు చివర తేదీ చేర్చి విడిగా ఉంచండి. ల్యాప్‌టాప్‌లు నెట్‌వర్క్ లేకున్నా, ఆ ల్యాప్‌టాప్‌లో చివరిసారి వాడిన పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటాయి. పాస్‌వర్డ్ గడువు ఆ రెండు రోజుల్లో ముగుస్తున్నవారు శనివారం సాయంత్రం 5 గంటలలోపే కార్యాలయంలో మార్చుకోవాలి.

రాత్రిపూట వాటంతట అవే నడిచేలా నివేదికలు, బదిలీలు ఏర్పాటు చేసుకున్న విభాగాలు వాటిని శుక్రవారం రాత్రికి గానీ, ఆదివారం ఉదయం 10 తరువాతకు గానీ మార్చుకోవాలి. ఆదివారంతో గడువు ముగిసే పనులను శనివారమే పూర్తి చేయండి. ఈ సమయం వల్ల తప్పించుకోలేని ఇబ్బంది ఎదురయ్యే విభాగాల అధిపతులు 12వ తేదీ గురువారం సాయంత్రం 5 గంటలలోగా మాకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ తరువాత వచ్చే అభ్యర్థనలపై పనిని ఆపడం సాధ్యం కాదు.

పని జరుగుతున్నంతసేపు గోడలోని నెట్‌వర్క్ సాకెట్లలో ఉన్న కేబుళ్లను కదిలించవద్దు, సొంత రూటర్లను వాటికి తగిలించవద్దు. ఒకే కేబుల్ రెండు కొసలూ రెండు సాకెట్లలోకి చేరినా, బయటి రూటర్ ఒకటి కంప్యూటర్లకు తప్పు చిరునామాలు పంచడం మొదలుపెట్టినా, కొత్త పరికరాల్లో లోపం ఉందని పొరబడి మా బృందం గంటల తరబడి వెతకవలసి వస్తుంది.

ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు పరీక్షల ఫలితాలు చూసి, సంతృప్తికరంగా లేకపోతే పాత పరికరాలనే తిరిగి బిగిస్తాము. ఏ విధంగా ముగిసినా ఉదయం 7 గంటలకు విభాగాధిపతులందరికీ ఎస్ఎంఎస్ పంపుతాము. ఆ సందేశం అందే వరకు కంప్యూటర్లు ఆన్ చేయకుండా వేచి ఉండండి.

సేవలు తిరిగి మొదలయ్యాక డెస్క్ ఫోన్లు వాటంతట అవే ఆన్ అవుతాయి. అందుకు కొన్ని నిమిషాలు పట్టవచ్చు. వై-ఫై పాస్‌వర్డ్ మారదు. కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసినా నెట్‌వర్క్ రాకపోతే, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండు ఆదేశాలను ఒకదాని తరువాత ఒకటి ఇవ్వండి.

```
ipconfig /release
ipconfig /renew
```

ఆ తరువాత కూడా 169.254తో మొదలయ్యే చిరునామానే కనిపిస్తే, మీ కంప్యూటర్‌కు నెట్‌వర్క్ నుంచి చిరునామా అందలేదని అర్థం. సెట్టింగులు మార్చే ప్రయత్నం చేయకుండా మాకు తెలియజేయండి.

ఇటువంటి సందర్భాలను అదనుగా తీసుకుని, కొత్త వ్యవస్థకు మీ ఖాతాను మార్చాలంటూ పాస్‌వర్డ్ లేదా ఓటీపీ అడిగేవారు ఉంటారు. ఈ పనికి మీ పాస్‌వర్డ్‌తో మాకు ఏ అవసరమూ లేదు. మా విభాగం పేరు చెప్పి ఎవరు అడిగినా ఇవ్వకండి, అటువంటి ఈమెయిల్‌లోని లింకును నొక్కకండి, వెంటనే మాకు చెప్పండి.

పని జరిగే రాత్రి అంతా మా సిబ్బంది ఇద్దరు గ్రౌండ్ ఫ్లోర్‌లోని హెల్ప్‌డెస్క్ వద్ద ఉంటారు. వారి మొబైల్ నంబర్లను గురువారం నుంచి ప్రతి అంతస్తు నోటీసు బోర్డుపై ఉంచుతాము. సోమవారం ఉదయం 8 గంటల నుంచి ఎక్స్‌టెన్షన్ 214లో కూడా సంప్రదించవచ్చు. ఫిర్యాదు చేసేటప్పుడు మీ అంతస్తు, సాకెట్‌పై ముద్రించి ఉన్న సంఖ్య, ఏ సేవ అందడం లేదు, పక్కవారికి అందుతోందా లేదా అనే వివరాలు చెబితే సమస్య ఎక్కడుందో త్వరగా గుర్తించగలుగుతాము.

ఇట్లు,
అధిపతి, సమాచార సాంకేతిక విభాగం