తరుణ్, ఐదో తరగతి బి సెక్షన్: ఈ వారం జరిగిన విషయాలు

మేడమ్ గారికి నమస్కారం.

నేను తరుణ్ అమ్మను. నిన్న రాత్రి కోపంలో మీకు పెద్ద సందేశం రాశాను కానీ పంపలేదు. అందులో 'రోజూ', 'కావాలనే', 'బడిలో ఎవరూ పట్టించుకోరు' అన్న మాటలున్నాయి. ఉదయం చదువుకుంటే వాటిలో ఒక్కటీ నేను కళ్లారా చూసింది కాదనిపించింది. అవన్నీ తీసేసి, తెలిసినంత వరకే మళ్లీ రాస్తున్నాను.

సోమవారం భోజనాల వేళ జశ్వంత్ తన క్యారేజీ మూత దాచాడని తరుణ్ చెప్పాడు. మరునాడు ఆయమ్మ వెతికి ఇచ్చారు. పిల్లల ఆటే అనుకుని వదిలేశాను.

బుధవారం సాయంత్రం సంచి సర్దుతుంటే చిరిగిన బొమ్మ కనిపించింది. మీరు మన విజయనగరం గురించి వేయమన్న కోట బొమ్మ. కింద 'కట్టినది 1713' అని వాడే రాసుకున్నాడు. కాగితం నిలువునా చిరిగి 17 ఒక ముక్కలో, 13 ఇంకో ముక్కలో ఉన్నాయి. జశ్వంత్ లాక్కుంటే చిరిగిందని వాడు అంటున్నాడు. లాగేటప్పుడు చిరిగిందో, చింపాడో నాకు తెలియదు. రెండు ముక్కలూ అతికించి పంపుతున్నాను. ఆ బొమ్మ కోసం వాడు రెండు సాయంత్రాలు కూర్చున్నాడు, దయచేసి దాన్ని చూసి మార్కులు వేయండి.

గురువారం కుళాయి దగ్గర వరుసలో జశ్వంత్ తోశాడని, తాను కింద పడ్డానని చెప్పాడు. ఎడమ మోచేయి గీసుకుపోయింది. ఇంటికి రాగానే తీసిన ఫోటో దీనితో పాటు పంపుతున్నాను. కడిగి మందు రాశాను, డాక్టరు అవసరం రాలేదు.

మా వాడి వైపు నుంచి కూడా చెప్పాలి. "అంతకుముందు నువ్వేమన్నావు?" అని గట్టిగా అడిగితే, అందరి ముందూ జశ్వంత్‌ను "పొట్టివాడా" అని పిలిచానని ఒప్పుకున్నాడు. అది తప్పని చెప్పాను. జశ్వంత్‌కు క్షమాపణ చెబుతానన్నాడు, మీ ఎదుట చెప్పిస్తే మేలు.

ఈ ఉదయం కడుపునొప్పి, బడికి వెళ్లను అన్నాడు. జ్వరం లేదు, ఇడ్లీలు తిన్నాడు. భయమే అనుకుంటున్నాను. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే మేడమ్, మోచేయి కాదు. నచ్చజెప్పి పంపుతున్నాను.

మిమ్మల్ని కోరేది ఇంతే. కుళాయి దగ్గర ఆ సమయంలో ఎవరున్నారో కనుక్కోండి. ఇద్దరినీ విడివిడిగా అడగండి. జశ్వంత్ చెప్పేది నేను వినలేదు. నిజం తేలే వరకు ఇద్దరినీ వేరే బెంచీల్లో కూర్చోబెట్టండి. ఎవరికీ శిక్ష వేయమని అడగడం లేదు.

జశ్వంత్ వాళ్లమ్మ, నేను మూడు లాంతర్ల దగ్గర కూరగాయల కొట్లో తరచూ కలుస్తుంటాం. మీరు చెప్పే వరకు ఆమెతో ఈ మాట ఎత్తను.

రేపు శనివారం బడి విడిచాక పది నిమిషాలు మీకు వీలవుతుందా? కాకపోతే సోమవారం ఉదయం ప్రార్థనకు ముందు వస్తాను.

ఇట్లు,
తరుణ్ అమ్మ