ఒక్కొక్కరం ఒక్కోలా ఎందుకుంటాం?

(ఐదో తరగతి వీడియో స్క్రిప్ట్. కనిపించేవాళ్లు: సుజాత టీచర్, రవళి, ఇమ్రాన్)

[తరగతి గది. బల్ల మీద గ్లోబు. ఇమ్రాన్ వాచీ తీస్తాడు. కెమెరా మణికట్టు దగ్గరికి వెళ్తుంది.]

ఇమ్రాన్: టీచర్, చూడండి! వాచీ ఉన్నచోట తెల్లగా ఉంది. మిగతా చెయ్యంతా నల్లబడింది.

టీచర్: సెలవుల్లో ఎండలో బాగా క్రికెట్ ఆడావన్నమాట! పిల్లలూ, మీరూ మీ చెయ్యి చూసుకోండి. ముందు భుజం కింద, లోపలి వైపు. ఇప్పుడు అరచేతి వెనక.

[5 సెకన్లు ఆగాలి. పిల్లలు చూసుకుంటారు.]

టీచర్: ఒకే చెయ్యి, రెండు రంగులు! మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం తయారవుతుంది. అది ఒంటికి గొడుగు లాంటిది. ఎండలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలుంటాయి. అవి లోపలికి ఎక్కువగా పోకుండా మెలనిన్ అడ్డుకుంటుంది. ఎండ ఎక్కువ తగిలితే చర్మం ఇంకాస్త మెలనిన్ చేసుకుంటుంది.

రవళి: నార్వే దేశం వాళ్లు చాలా తెల్లగా ఉంటారుగా! వాళ్లకి మెలనిన్ చేసే కణాలు ఉండవా టీచర్?

టీచర్: ఎందుకుండవ్! నీకెన్ని ఉన్నాయో వాళ్లకీ దాదాపు అన్నే. వాళ్లవి తక్కువ మెలనిన్ చేస్తాయి, అంతే.

[టీచర్ గ్లోబు తిప్పి ఆఫ్రికా మీద వేలు పెడుతుంది.]

టీచర్: మనలాంటి మనుషులు సుమారు 3 లక్షల ఏళ్ల క్రితం ఇక్కడే, ఆఫ్రికాలో మొదలయ్యారు. మండే ఎండ. ఆ ఎండ ఒంట్లోని ఫోలేట్ అనే విటమిన్‌ను పాడుచేస్తుంది. గర్భిణులకు ఏఎన్ఎం అక్క ఇచ్చే ఫోలిక్ యాసిడ్ బిళ్లలు తెలుసుగా? అదే పని చేసే విటమిన్. కడుపులో బిడ్డ సరిగా ఎదగాలంటే అది కావాలి. అందుకే అక్కడ ముదురు రంగు బాగా పనికొచ్చింది.

దాదాపు 60, 70 వేల ఏళ్ల క్రితం కొందరు ఆఫ్రికా దాటి బయల్దేరారు. మన పూర్వీకులూ అందులో ఉన్నారు. కొందరి పిల్లలు, మనవలు పోతూ పోతూ ఉత్తరానికి చేరారు. [వేలు నార్వే మీదికి.] ఇక్కడ ట్రోమ్సో అనే ఊళ్లో చలికాలం దాదాపు 2 నెలలు సూర్యుడే ఉదయించడు.

ఇమ్రాన్: రెండు నెలలా! మరి బడి?

టీచర్: బడి ఉంటుంది, ఆశపడకు. ఎముకలు గట్టిపడాలంటే విటమిన్ డి కావాలి. ఎండ తగిలితే దాన్ని చర్మమే తయారు చేసుకుంటుంది. ఎండే తక్కువైన చోట పెద్ద గొడుగు అడ్డమే కదా! వేల ఏళ్లలో, తరం తర్వాత తరం, అక్కడ లేత రంగు పెరిగింది. ఇదేమీ త్వరగా జరగలేదు. ఇంగ్లండ్‌లోని ఓ గుహలో 1903లో ఓ మనిషి అస్థిపంజరం దొరికింది. సుమారు 10 వేల ఏళ్ల నాటిది. ఒళ్లు ఎలా ఉండాలో చెప్పే సూచనలు మన కణాల్లోని డీఎన్ఏ అనే పదార్థంలో ఉంటాయి. ఆ అస్థిపంజరం డీఎన్ఏ చూస్తే ఆయన చర్మం బాగా ముదురు రంగులో, కళ్లు లేత రంగులో ఉండి ఉంటాయని తేలింది.

రవళి: మంచు ప్రాంతాల్లో ఉండే ఇన్యూట్‌లు మరీ తెల్లగా ఉండరుగా?

టీచర్: మంచి ప్రశ్న. వాళ్లు చేపలు, సీల్ మాంసం తింటారు. విటమిన్ డి అందులోనే దొరుకుతుంది.

[బొమ్మలు: రింగుల జుట్టు, సన్నని ముక్కు, సాలమన్ దీవుల పిల్లలు.]

టీచర్: రింగురింగుల జుట్టు మాడుకు ఎండ తగలనివ్వదు. సన్నని ముక్కు చల్లటి పొడిగాలిని వెచ్చబరిచి లోపలికి పంపుతుంది. ప్రతిదానికీ ఇలాంటి కారణం ఉంటుందనుకోకండి. పసిఫిక్ సముద్రంలోని సాలమన్ దీవుల్లో నల్లని చర్మం, బంగారు రంగు జుట్టు ఉన్నవాళ్లుంటారు. డీఎన్ఏలోని ఒక్కో సూచనను జన్యువు అంటారు. అలాంటి ఒక జన్యువులో చిన్న మార్పు వచ్చింది, పిల్లలకు పాకింది, అంతే.

రవళి: టీచర్, మా తమ్ముడు తెల్లగా, నేను నల్లగా ఉంటాం. వాడు కడుపులో ఉన్నప్పుడు అమ్మ కుంకుమపువ్వు పాలు తాగిందని నానమ్మ అంటుంది.

టీచర్: నానమ్మతో గొడవ పెట్టుకోకు గానీ, కుంకుమపువ్వుకీ రంగుకీ సంబంధం లేదు. మీ ఇద్దరికీ సగం జన్యువులు అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వచ్చాయి. రంగును నిర్ణయించే జన్యువులు చాలా ఉన్నాయి. నీకు వచ్చినవే వాడికీ రావాలని లేదు. ఫెయిర్‌నెస్ క్రీములు కూడా జన్యువుల్ని మార్చలేవు. ఆ డబ్బులతో మామిడిపళ్లు కొనుక్కోండి, నయం.

ఇమ్రాన్: మా చాచా కెనడాలో ఉంటాడు. అక్కడ పుట్టిన మా చెల్లి తెల్లగా అవుతుందా?

టీచర్: అవ్వదు. నీ వాచీ కింది మచ్చలా కొంచెం తేడా వస్తుందేమో! పుట్టుకతో వచ్చే రంగు మారాలంటే వేల ఏళ్లు పడుతుంది.

ఇమ్రాన్: మరి దానికి విటమిన్ డి?

టీచర్: కెనడాలో పాలల్లో విటమిన్ డి కలిపే అమ్మాలని చట్టం ఉంది. మీ చెల్లి పాలు తాగుతుందా?

ఇమ్రాన్: చాచీ వెంటపడి తాగిస్తుంది!

[ఇక్కడ వీడియో ఆపాలి. పిల్లలు జంటలుగా కూర్చుని ఒకరి చేతి పక్కన ఒకరు చెయ్యి పెట్టి, భుజం నుంచి వేళ్ల దాకా ఎన్ని రంగులున్నాయో నోట్‌బుక్‌లో క్రేయాన్లతో వేస్తారు.]