పరిచయం: అమలాపురం నుంచి వేర్వేరు దేశాల బృందాలతో పనిచేసే సాఫ్ట్‌వేర్ టెస్టర్

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ను. 2014లో హైదరాబాదులో ఈ వృత్తిలోకి వచ్చాను. 2020 నుంచి మా సొంత ఊరు అమలాపురంలో ఉంటూ, ఒకరినొకరు నేరుగా చూసుకోవడమే అరుదైన బృందాలతో పనిచేస్తున్నాను. బిల్లింగ్, చెల్లింపులు, నెలవారీ ఖాతాలు, అంటే లెక్క తప్పితే ఎవరో ఒకరి జేబుకు చిల్లు పడే చోటనే నా అనుభవం ఎక్కువ. మీ బృందానికి నేను ఇవ్వగలిగిన హామీ ఒక్కటే: నేను నిద్రపోతున్న వేళ కూడా నా పని ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో నన్ను లేపకుండానే మీకు తెలుస్తుంది.

ఆ హామీ నిలబడేది రాతమీదే. నేను రాసే లోపాల నివేదిక ఎలా ఉంటుందో చెప్పడం కంటే ఒకటి చూపడం మేలు. ఒక ఆర్డర్ల యాప్ విషయంలో రాసిన దానిని, సంస్థ వివరాలు తీసివేసి, ఇక్కడ ఇస్తున్నాను.

"జులై 1 అర్ధరాత్రి దాటాక 12:15కు భారతదేశంలో పెట్టిన ఆర్డరు జూన్ నెల ఖాతాలో కనిపిస్తున్నది. అది జులై ఖాతాలో ఉండాలి. సర్వరులో ఆ ఆర్డరుకు నమోదైన సమయం ఇది:

```
2025-06-30T18:45:00Z
```

నమోదు సరైనదే, ఎందుకంటే భారత కాలమానం యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. తేడా వస్తున్నది నెలవారీ ఖాతా తయారయ్యే చోట: అక్కడ కొనుగోలుదారు ఉన్న ప్రాంతపు తేదీని కాక యూటీసీ తేదీని చూసి నెలను నిర్ణయిస్తున్నట్టున్నది. ఇది నా అంచనా మాత్రమే, కోడ్ చూడలేదు. ఉదయం 5:29కి పెట్టిన ఆర్డరు జూన్‌లోకి, 5:30కి పెట్టినది జులైలోకి వెళ్లడం స్వయంగా సరిచూశాను. ఐఫోన్‌లో ఇంకా చూడలేదు. జూన్ బిల్లులు కొనుగోలుదారులకు వెళ్లకముందే నిర్ణయం కావాలి. వాటిని ఆపాలా వద్దా అన్నది చెల్లింపుల బాధ్యులు తేల్చవలసిన విషయం."

చూసినదానిని, ఊహించినదానిని, చూడనిదానిని వేరువేరుగా చెప్పడం నాకు నియమం. అవి కలగాపులగమైతే అవతలి మనిషి నన్ను అడిగి జవాబు వచ్చేదాకా ఒక పూట పోతుంది, మధ్యలో 10 గంటల తేడా ఉంటే ఒక రోజే పోతుంది. అదే కారణంగా "హలో, ఒక విషయం అడగాలి" అని సందేశం పెట్టి ఊరుకోవడం నాకు అలవాటు లేదు. ప్రశ్న, దానికి కావలసిన నేపథ్యం, నాకు తోచిన జవాబు అన్నీ ఒకే సందేశంలో ఉంటాయి. బృందంతో ఇంగ్లీషులో రాస్తాను. తెలుగువారు ఉన్నచోట తెలుగులోనూ అంతే జాగ్రత్తగా రాస్తాను. ఫోనులో తేల్చుకున్న విషయాన్ని కూడా అదే రోజు కాగితం మీద పెట్టినట్టు అందరికీ కనిపించే చోట రాసిపెడతాను, లేకపోతే ఆ మాట ఇద్దరి జ్ఞాపకాల్లో రెండు రకాలుగా మిగులుతుంది.

నా మామూలు పనివేళలు మధ్యాహ్నం 12:30 నుంచి రాత్రి 9 వరకు. బెర్లిన్‌లో వేసవికాలంలో అది ఉదయం 9 నుంచి సాయంత్రం 5:30 కాబట్టి యూరపు బృందాలకు రోజంతా అందుబాటులో ఉన్నట్టే. డల్లాస్‌లో ఉన్నవారికి నా పని ముగిసే సమయం వేసవిలో ఉదయం 10:30, శీతకాలంలో 9:30. వారితో కలిసే వేళ తక్కువే అయినా, అప్పగింతకు అది చాలు. కాలిఫోర్నియా బృందం కోసం వారానికి రెండు రోజులు రాత్రి 10:30 వరకు ఉండగలను. సిడ్నీ వారితో పని ఉన్న రోజుల్లో ఉదయం 6:30కే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగిస్తాను. అయితే రోజూ రాత్రంతా మేలుకొనే పనిని మాత్రం ఒప్పుకోను. అర్ధరాత్రి దాటాక సరిచూసిన బిల్లును మర్నాడు ఇంకొకరు మళ్లీ సరిచూడవలసిందే, అందులో ఎవరికీ లాభం లేదు.

అమెరికా గడియారాలు మార్చిలో రెండో ఆదివారం మారతాయి, యూరపులో అదే నెల చివరి ఆదివారం మారతాయి, మన గడియారం అసలు మారదు. ఈ మధ్య రోజుల్లో బెర్లిన్‌కూ డల్లాస్‌కూ ఉండే 7 గంటల తేడా 6కు తగ్గుతుంది, సమావేశాలు తారుమారయ్యేది సరిగ్గా అప్పుడే. అందుకే ప్రతి సమావేశ సమయాన్నీ యూటీసీలో రాసి, పక్కన ఒక్కొక్క ఊరి సమయమూ ఇస్తాను. తేదీలో నెలను అంకెతో కాక పేరుతో రాస్తాను, ఎందుకంటే 03/04 అంటే ఇక్కడ ఏప్రిల్, అమెరికాలో మార్చి.

పై నుంచి ఆదేశం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చునే అలవాటు నాకు లేదు, అలాగని అడగవలసినవి అడగకుండా చేసే అలవాటూ లేదు. వెనక్కి తీసుకోగలిగిన నిర్ణయాలు, అంటే ఏ పరీక్ష ముందు, ఏది తరువాత, దేనిని ఆటోమేషన్‌లోకి మార్చాలి వంటివి, నేనే తీసుకుని కారణంతో సహా రాసిపెడతాను. వినియోగదారుల డేటాను తొలగించడం, కొత్త వెర్షన్‌ను విడుదల చేయడం, డబ్బు కదిలే ఏ పనైనా సరే, బాధ్యులు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకనే జరుగుతాయి. రోజు ముగిసేటప్పుడు పెట్టే అప్పగింత నోటులో ఒక వాక్యం తప్పక ఉంటుంది: "రేపు మధ్యాహ్నం 12:30కి మీ జవాబు అందకపోతే నేను ఈ పని మొదలుపెడతాను." దానివల్ల ఎవరి మౌనమూ పనిని ఆపదు.

గోదావరి డెల్టాలో ఉంటూ పనిచేస్తానంటే కరెంటు, ఇంటర్నెట్ సంగతి ఏమిటని అడగడం న్యాయమే. ఇంట్లో ఇన్వర్టరు, ఫైబర్ కనెక్షను, అది తెగితే వాడుకోవడానికి వేర్వేరు సంస్థల మొబైల్ సిమ్‌లు రెండు ఉన్నాయి. వరద రోజులకు వేరే ఏర్పాటు ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీ చేస్తారు. మా ఇల్లు లంకల్లో లేదు కాబట్టి నీళ్లు గుమ్మం దాకా రావు గాని, కరెంటు, కేబుల్ ఎప్పుడు పోతాయో చెప్పలేము. అందుకని మొదటి హెచ్చరికకే నా దగ్గరున్న పనినంతా సర్వరులోకి ఎక్కించి, రెండో హెచ్చరికకు ఏ పని ఎవరు అందుకోవాలో రాసి బృందానికి పంపుతాను. మూడోది వచ్చేలోగా రాజమహేంద్రవరంలోని మా పిన్నిగారింటికి చేరి అక్కడి నుంచి పని కొనసాగిస్తాను. 2022 జులైలో దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు చేసినది ఇదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానులకూ ఇదే పద్ధతి, హెచ్చరిక మాత్రం వాతావరణ శాఖది.

ప్రస్తుతం వారానికి 40 గంటల కాంట్రాక్టు పని చూస్తున్నాను. చేరిన మొదటి వారంలో సమావేశాల కంటే ముందు మీ పాత నిర్ణయాల నోట్లు, పరిష్కారం కాని లోపాల జాబితా చదివే అనుమతి ఇవ్వమని కోరుతాను. నన్ను పరీక్షించదలిస్తే ఎన్నాళ్లుగానో తేలకుండా ఉన్న ఒక లోపాన్ని అప్పగించండి. రెండు పనిదినాల్లో, పైన చూపిన పద్ధతిలో, నివేదిక పంపుతాను. ఆ రెండు రోజుల పనికి కూడా మామూలు గంట రేటు ప్రకారమే రుసుము తీసుకుంటాను.