విషయం: హ్యాచరీ ఉద్యోగమా, ఎంఎఫ్‌ఎస్సీనా? మీతో ఇరవై నిమిషాలు ఫోనులో మాట్లాడాలని

రామకృష్ణ గారికి నమస్కారం.

నా పేరు శిరీష. ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాలలో బీఎఫ్‌ఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మీరు మా కళాశాలలోనే చదివారనీ, చాలా ఏళ్లు రొయ్యల హ్యాచరీలో పనిచేసి ఆ తర్వాత వ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కు మారారనీ మా మాస్టారు చెప్పారు. మీ మెయిల్ చిరునామా ఇచ్చింది కూడా ఆయనే.

మా నాన్నగారు భీమవరం దగ్గర మూడెకరాల చెరువులో వనామీ వేస్తారు. రెండేళ్ల క్రితం ఒక పంటలో రొయ్యలు చావలేదు, అలాగని పెరగనూ లేదు. చెక్ ట్రేలో మేత ఖాళీ అవుతూనే ఉంది, కౌంట్ మాత్రం కదల్లేదు. పీసీఆర్ చేయిస్తే ఈహెచ్‌పీ అని తేలింది. రొయ్య పిల్లను చెరువులో వదలకముందే ఆ పరీక్ష చేయించాల్సిందని అప్పుడు అర్థమైంది. వ్యాధుల వైపు నాకు ఆసక్తి కలిగింది అక్కడే.

ఇన్‌ప్లాంట్ శిక్షణలో ఒక హ్యాచరీలో నెల రోజులు ఉన్నాను. జోయా దశలో రాత్రిపూట కూడా గంటలు చూసుకుని ఆల్గే అందించడం, సూక్ష్మదర్శిని కింద లార్వా పేగు నిండిందా లేదా చూడడం నాకు నచ్చాయి. నిజం చెప్పాలంటే క్లాసులో కంటే అక్కడే ఎక్కువ నేర్చుకున్నాను.

ఇప్పుడు ఐకార్ పీజీ ప్రవేశ పరీక్ష రాసి జలచరాల ఆరోగ్య నిర్వహణలో ఎంఎఫ్‌ఎస్సీ చేయాలా, ముందు రెండేళ్లు హ్యాచరీలో పనిచేయాలా అన్నది తేలడం లేదు. ఇంట్లో వాళ్లు మాత్రం మత్స్యశాఖలో ఎఫ్‌డీఓ నోటిఫికేషన్ కోసం చూడమంటున్నారు. హ్యాచరీ అనుభవం ల్యాబ్‌లో మీకు ఎంతవరకు పనికొచ్చింది, పీజీ లేకుండా ల్యాబ్‌లో ఎక్కడిదాకా ఎదగవచ్చు అన్నవి మిమ్మల్ని అడగాలని ఉంది. ఇంకొకటి కాస్త మొహమాటంగానే అడుగుతున్నాను: శిక్షణకు వెళ్లిన చోట రాత్రి డ్యూటీలో ఆడవాళ్లు ఒక్కరూ కనిపించలేదు. సాంకేతిక బాధ్యతల్లో ఉన్న మహిళలు మీకు తెలిసి ఎవరైనా ఉన్నారా?

ఉద్యోగం ఇప్పించమని అడగడానికి రాస్తున్న ఉత్తరం కాదు ఇది. వచ్చే రెండు వారాల్లో మీకు వీలైన రోజు, వీలైన వేళ చెబితే నేనే ఫోను చేస్తాను. మధ్యాహ్నం రెండు దాకా మాకు తరగతులుంటాయి కానీ, మీకు ఆ వేళే కుదిరితే అనుమతి తీసుకుంటాను. ఇరవై నిమిషాలు దాటనివ్వను. సీజన్ పనుల్లో తీరిక లేకపోతే పై ప్రశ్నల్లో ఏ ఒక్కదానికైనా రెండు వాక్యాల్లో జవాబు రాసినా చాలు.

కృతజ్ఞతలతో,
శిరీష
బీఎఫ్‌ఎస్సీ నాలుగో సంవత్సరం, ముత్తుకూరు